అనుభవం లేదు, మరి కవర్ లెటర్‌లో ఏం రాయాలి?

తెనాలిలో ఒక అమ్మాయి బీకాం కంప్యూటర్స్ పూర్తి చేసిందనుకుందాం. విజయవాడలోని ఓ మందుల హోల్‌సేల్ సంస్థ అకౌంట్స్ అసిస్టెంట్ కావాలని ప్రకటన ఇచ్చింది. కొనుగోలు బిల్లులు ట్యాలీలో ఎక్కించాలి, ఎక్సెల్ తెలిసుండాలి, జీఎస్టీ లెక్కల్లో ఆడిటర్‌కు సాయపడాలి. ఫ్రెషర్లయినా ఫర్వాలేదన్నారు. రెజ్యూమేతో పాటు కవర్ లెటర్ మెయిల్ చేయమన్నారు. రెజ్యూమే కాలేజీలో ఉండగానే తయారైంది. కవర్ లెటర్ దగ్గరే చెయ్యి ఆగిపోయింది.

మొదట ఆమె ఇంగ్లిష్‌లో రాసిన ఉత్తరం సారాంశం ఇది: “మీ ప్రతిష్ఠాత్మక సంస్థలో పనిచేయాలని నా కోరిక. కష్టపడతాను, త్వరగా నేర్చుకుంటాను, నలుగురితో కలిసిపోతాను. అనుభవం లేకపోయినా ఒక్క అవకాశం ఇవ్వండి.”

ఇందులో అబద్ధమేమీ లేదు. అయితే సంస్థ పేరు తీసేసి ఏ బ్యాంకు పేరో, ఏ స్కూలు పేరో పెట్టినా ఈ ఉత్తరం చక్కగా సరిపోతుంది. ఉత్తరంలో లోపాన్ని పట్టుకోవడానికి ఇదే తేలికైన పరీక్ష. పైగా “అనుభవం లేదు” అన్న మాట రెజ్యూమేలో ఎలాగూ కనిపిస్తుంది. దాన్ని మళ్లీ చెప్పి బతిమాలుకుంటే, చదివేవాళ్లకు కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు.

తిరగరాసేముందు ఆమె ఒక కాగితం తీసుకుని మధ్యలో నిలువు గీత గీసింది. ఎడమవైపు ప్రకటనలో అడిగిన మూడు పనులు రాసింది. కుడివైపు, అలాంటి పని తాను ఎప్పుడైనా, ఎక్కడైనా చేసిందా అని గుర్తు చేసుకుంది. జీతం రాని పనులను కూడా వదల్లేదు.

ఎక్సెల్‌కు ఎదురుగా కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు వచ్చింది. ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కాలేజీల్లో మొదటి ఏడాది తర్వాత విద్యార్థులు చేసే ప్రాజెక్టు ఇది. చాలామంది దాన్ని రెజ్యూమేలో ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఈ అమ్మాయి ఊళ్లో 60 ఇళ్లు తిరిగి నెలవారీ ఖర్చుల వివరాలు సేకరించి, ఎక్సెల్‌లో ఎక్కించి, మొత్తాలు తేల్చింది.

జీఎస్టీకి ఎదురుగా బాబాయి ఎరువుల కొట్టు వచ్చింది. వేసవి సెలవుల్లో రెండు నెలలు సాయంత్రాలు అక్కడ కూర్చుని, ఆడిటర్ ఇచ్చిన జీఎస్టీఆర్-2బి షీటుతో కొనుగోలు బిల్లులు సరిచూసింది. మూడు బిల్లులు షీటులో కనిపించలేదు. సరుకు అమ్మినవాళ్లు తమ రిటర్నులో బిల్లు చూపించకపోతే, అది కొన్నవాళ్ల షీటులోకి రాదు. అప్పుడు ఆ పన్ను క్రెడిట్ ఆగిపోతుంది. ఆమె ఆ మూడు నంబర్లు రాసి బాబాయికిచ్చింది, ఆయన డీలర్‌కు ఫోన్ చేశారు. ఇంట్లో దాన్ని ఎవరూ ఉద్యోగం అనలేదు. కానీ హోల్‌సేల్ ఆఫీసులో ఈ పని నెలనెలా ఉంటుంది.

రెండో ఉత్తరం ఇలా మొదలైంది: “అకౌంట్స్ అసిస్టెంట్ ఉద్యోగానికి దరఖాస్తు చేస్తున్నాను. ఈ వేసవిలో మా బాబాయిగారి ఎరువుల కొట్టు కొనుగోలు బిల్లులను జీఎస్టీఆర్-2బితో సరిచూసి, నమోదు కాని మూడు బిల్లులు గుర్తించాను.” తర్వాతి పేరాలో ఎక్సెల్ సర్వే వచ్చింది. ట్యాలీ దగ్గర ఆమె జాగ్రత్తపడింది. “ట్యాలీలో నిపుణురాలిని” అని కాకుండా, “కాలేజీ ల్యాబులో పర్చేజ్, పేమెంట్ వోచర్లు ఎంట్రీ చేశాను, జీఎస్టీ రిటర్ను సొంతంగా ఎప్పుడూ వేయలేదు” అని ఉన్నదున్నట్టు రాసింది. ఇంటర్వ్యూలో కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి ఒక ఎంట్రీ వేయమంటే, గొప్పలు అక్కడే బయటపడతాయి. చివరి పేరా రెండు వాక్యాలే: ఎప్పటినుంచి చేరగలదో, ఏ నంబరుకు ఫోన్ చేయాలో. మొత్తం కలిపి ఒక పేజీలో సగానికి కాస్త ఎక్కువ.

అన్నిచోట్లా ఇది పనికొస్తుందని కాదు. క్యాంపస్ సెలక్షన్లలో ముందు రాతపరీక్షే వడపోస్తుంది. కొన్ని జాబ్ పోర్టళ్లలో ఉత్తరం పెట్టే చోటే ఉండదు. యజమానో మేనేజరో స్వయంగా మెయిల్ తెరిచి చూసే చిన్న, మధ్యతరహా ఆఫీసుల్లోనే దీనికి ఎక్కువ విలువ.

పంపేముందు ఆమె రెండు విషయాలు సరిచూసింది. మెయిల్ సబ్జెక్టులో ఉద్యోగం పేరు, తన పేరు ఉన్నాయా? పాత దరఖాస్తులోని మరో సంస్థ పేరు ఎక్కడైనా మిగిలిపోయిందా? రెండో పేరాలో ఒకచోట మిగిలే ఉంది. దాన్ని దిద్ది, పీడీఎఫ్ మళ్లీ తీసి, అప్పుడు పంపింది.