గోడలు కొలిచి దారి పట్టే రోబో

ఇల్లు ఊడ్చే రోబోలు ఇప్పుడు నగరాల అపార్ట్‌మెంట్లలో వింతేమీ కాదు. వాటిలో చాలా మోడళ్లకు నడినెత్తిన గుండ్రటి బుడిపె ఒకటి ఉంటుంది. దాని లోపల ఒక లేజర్ నిమిషానికి కొన్ని వందల సార్లు గిర్రున తిరుగుతుంది. మొదటిసారి స్విచ్ వేసినప్పుడు రోబోకు ఇంటి గురించి ఏమీ తెలియదు. ఒక చుట్టు తిరిగొచ్చేసరికి హాలు, పడగ్గది, వంటింటి గుమ్మం ఫోన్ తెర మీద గీతలుగా కనిపిస్తాయి. మర్నాడు వంటిల్లు ఒక్కటే ఊడ్చమంటే నేరుగా అక్కడికే పోతుంది.

జీపీఎస్ సంకేతాలు భవనాల లోపలికి సరిగా చేరవు. అందువల్ల మ్యాప్ గీయాలంటే తానెక్కడుందో రోబో తానే తెలుసుకోవాలి. తానెక్కడుందో తెలియాలంటేనేమో మ్యాప్ కావాలి. రెండూ చేతిలో లేకుండానే రెండింటినీ ఒకేసారి తేల్చుకునే పద్ధతికి స్లామ్ అని పేరు. ఇల్లు చిన్నది కాబట్టి అక్కడ ఈ పని తేలిగ్గా సాగిపోతుంది. అసలు చిక్కులు చూడాలంటే పెద్ద భవనంలోకి వెళ్లాలి.

మధ్యలో ఖాళీ స్థలం, చుట్టూ గదులు ఉన్న కాలేజీ భవనాన్ని ఊహించుకుందాం. ఖాళీ స్థలం చుట్టూ రెండున్నర మీటర్ల వెడల్పున కారిడార్ ఉంది. పొడవు వైపు 40 మీటర్లు, వెడల్పు వైపు 25 మీటర్లు. ఆఫీసు గది నుంచి ల్యాబ్‌కు ఫైళ్లు మోసుకెళ్లే రోబోను ఇక్కడ నడపాలి. ముందుగా ఒక మనిషి రిమోట్‌తో దాన్ని భవనమంతా తిప్పి మ్యాప్ గీయిస్తాడు.

చక్రాలు చెప్పే లెక్క, లేజర్ చూసే గోడ

లైడార్ తన చుట్టూ లేజర్ కిరణాలు పంపి, అవి తగిలిన వస్తువు ఎంత దూరంలో ఉందో కొలుస్తుంది. ఖరీదైన పరికరాలు కాంతి వెళ్లి తిరిగొచ్చిన సమయాన్ని కొలుస్తాయి. చౌక పరికరాల్లో చాలావరకు, తిరిగొచ్చిన వెలుగు మచ్చ లోపలి సెన్సర్ మీద ఎక్కడ పడిందో చూసి త్రికోణమితితో దూరం కడతాయి. విద్యార్థులు ఎక్కువగా వాడే టర్టిల్‌బాట్3 అనే చిన్న రోబోకు మొదట్లో ఇచ్చిన లైడార్ సెకనుకు ఐదు చుట్లు తిరిగేది. ప్రతి చుట్టులో డిగ్రీకి ఒకటి చొప్పున 360 దూరాలు కొలిచేది. ఇలాంటి ఒక చుట్టునే స్కాన్ అంటారు. లేజర్ ఏ ఎత్తులో తిరుగుతుందో ఆ ఎత్తులో గదిని అడ్డంగా కోస్తే కనిపించే అంచు ఆ స్కాన్‌లో వస్తుంది. దానికి పైనా కిందా ఏముందో లైడార్‌కు తెలియదు.

రోబో కదిలాక కొత్త స్కాన్ వస్తుంది. పాత స్కాన్ పక్కన దీన్ని ఎక్కడ అతికించాలన్నది తర్వాతి ప్రశ్న. చక్రాలు ఎన్ని చుట్లు తిరిగాయో లెక్కగడితే రోబో ఎంత దూరం వచ్చిందో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. కానీ నున్నటి టైల్స్ మీద చక్రం కాస్త జారుతుంది. మలుపులో మరీ జారుతుంది. దిశలో రెండు డిగ్రీల తేడా వచ్చిందనుకోండి. 40 మీటర్లు నడిచేసరికి రోబో పక్కకు 1.4 మీటర్లు జరిగినట్టు లెక్క తేలుతుంది. కారిడార్ మధ్య నుంచి గోడ దూరం 1.25 మీటర్లే. అంటే చక్రాల లెక్క ప్రకారం రోబో గోడలో దూరి ఉంది!

అందుకని చక్రాల లెక్కను మొదటి అంచనాగా మాత్రమే తీసుకుంటారు. ఆ అంచనా చుట్టుపక్కల కొత్త స్కాన్‌ను అటూ ఇటూ జరిపి, కొద్దికొద్దిగా తిప్పి, అప్పటిదాకా గీసిన గోడలతో ఎక్కడ బాగా కుదురుతుందో ప్రోగ్రామ్ వెతుకుతుంది. కుదిరిన చోటే రోబో నిలబడిన చోటు.

అప్పుడు ఆ స్కాన్‌ను మ్యాప్‌లో నింపుతారు. ఈ మ్యాప్ గళ్ల కాగితం లాగే ఉంటుంది. 1980లలో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో హాన్స్ మొరావెక్, ఆల్బెర్టో ఎల్ఫెస్ రూపొందించిన పద్ధతి ఇది. ఒక్కో గడి సాధారణంగా ఐదు సెంటీమీటర్లు. మన భవనానికి 800 గళ్ల పొడవు, 500 గళ్ల వెడల్పు, మొత్తం నాలుగు లక్షల గళ్లు కావాలి. కిరణం దాటిపోయిన గళ్లు ఖాళీ అన్న నమ్మకం కొంచెం పెరుగుతుంది. కిరణం ఆగిన గడిలో ఏదో ఉందన్న నమ్మకం పెరుగుతుంది. ఒక్క స్కాన్‌తో ఏదీ ఖాయం కాదు. కాబట్టి మధ్యలో ఒక విద్యార్థి అడ్డంగా నడిచిపోయినా, తర్వాతి స్కాన్‌లు ఆ మచ్చను చెరిపేస్తాయి. అదే విద్యార్థి అక్కడే నిలబడి రోబో పనితీరు చూస్తూ ఉండిపోతే మ్యాప్‌లో ఒక స్తంభమై మిగిలిపోతాడు. మ్యాప్ గీసే పని సెలవు రోజున పెట్టుకోమనేది ఇందుకే.

మొదలుపెట్టిన చోటికి తిరిగి రావాలి

స్కాన్లు ఎంత బాగా అతికినా కొద్దిపాటి తప్పు మిగులుతుంది. మూల తిరిగిన ప్రతిసారీ పావు డిగ్రీ తేడా ఉండిపోయిందనుకుందాం. ఎక్కడికక్కడ చూస్తే అది కంటికి ఆనదు. కానీ నాలుగు పక్కలూ చుట్టి బయలుదేరిన మూలకు వచ్చేసరికి తప్పు పోగుపడి దాదాపు 40 సెంటీమీటర్లవుతుంది. రోబో నిజంగా ఆఫీసు గుమ్మం ముందే ఉన్నా, మ్యాప్‌లో మాత్రం ఆ గుమ్మం పక్కనే ఇంకో గుమ్మం గీయబోతుంది.

మెలిక ముగ్గు వేసేటప్పుడు గీత చుక్కలన్నీ చుట్టి మొదలైన చోటే కలవాలి. కలవకపోతే ఎక్కడో ఒక మెలిక తప్పిందని తెలిసిపోతుంది. స్లామ్‌లో కూడా తప్పు బయటపడేది ఇలా తిరిగి కలిసే చోటే. ఇప్పటి స్కాన్ చాలాసేపటి కిందటి మొదటి స్కాన్‌లాగే ఉందని ప్రోగ్రామ్ గుర్తుపట్టిందంటే, రెండూ ఒకే చోటు అని ముడివేస్తుంది. దీన్ని లూప్ క్లోజర్ అంటారు. అప్పుడు తేలిన ఆ 40 సెంటీమీటర్లను చివరి మూల మీదే రుద్దదు. దారి పొడవునా ప్రతి మజిలీకి కొంచెం కొంచెంగా పంచుతుంది. దాంతో కారిడార్ మొత్తం నిటారుగా సర్దుకుంటుంది. గూగుల్ 2016లో అందరికీ ఉచితంగా విడుదల చేసిన కార్టోగ్రాఫర్, ఇప్పుడు ఎక్కువగా వాడే స్లామ్ టూల్‌బాక్స్ ఈ తరహావే.

రోబోను నడిపే మనిషి పాటించాల్సిన జాగ్రత్త కూడా ఇందులోనే ఉంది. ఒక చుట్టు పూర్తయిన చోట ఆగిపోకుండా, అదే దారిలో మరికొన్ని మీటర్లు ముందుకు నడపాలి. అప్పుడే పాత స్కాన్లతో పోల్చుకోవడానికి తగినంత ఆధారం దొరుకుతుంది. ముడి పడిందో లేదో కంటితోనే చెప్పవచ్చు. పడకపోతే ఒకే గోడ రెండు సమాంతర గీతలుగా కనిపిస్తుంది.

పొడవాటి బోసి కారిడార్‌లో ఇంకో చిక్కుంది. టర్టిల్‌బాట్3 పాత లైడార్‌కు 3.5 మీటర్లకు మించి కనిపించదు. 40 మీటర్ల కారిడార్ నడుమ అది చూసేది రెండు సమాంతర గోడలనే. ఒక మీటరు ముందుకు నడిచినా స్కాన్ అచ్చం అలాగే ఉంటుంది. గోడలకు ఎంత దూరంలో ఉందో, ఏ దిశలో ఉందో బాగానే తెలుస్తుంది గానీ, ఎంత ముందుకు వచ్చిందో స్కాన్ చెప్పలేదు. రెండు స్కాన్లూ ఒకేలా ఉన్నాయి కాబట్టి రోబో కదలనేలేదని ప్రోగ్రామ్ అనుకునే ప్రమాదం ఉంది. అప్పుడు మ్యాప్‌లో కారిడార్ పొట్టిదైపోతుంది. గీతలు నున్నగానే ఉంటాయి కనుక చూసి పసిగట్టలేం. టేపు పట్టి అసలు కారిడార్‌ను కొలిచి, మ్యాప్‌లోని గళ్లతో సరిచూడాల్సిందే. 12 మీటర్ల దాకా చూడగల లైడార్ పెడితే రెండు చివరలూ కనపడని భాగం 16 మీటర్లకు తగ్గుతుంది. తలుపులు తెరిచి ఉంచినా, గోడ వెంట అట్టపెట్టెలు ఎడం మార్చి పెట్టినా స్కాన్లకు గుర్తులు దొరుకుతాయి. అయితే ఆ పెట్టెలను తీసేశాక మ్యాప్‌లో కూడా చెరిపేయాలి.

చెరపడం కష్టమేమీ కాదు. భద్రపరిచిన మ్యాప్ ఒక నలుపు తెలుపు బొమ్మ మాత్రమే. గోడలు నల్లగా, ఖాళీ తెల్లగా, చూడని చోటు బూడిద రంగులో ఉంటాయి. ఇలాంటి ఫైలును తెరవగల ఫొటోలు దిద్దే ప్రోగ్రామ్‌తో సరిచేయవచ్చు. దాంతోపాటు ఒక చిన్న ఫైలు ఉంటుంది. అందులోని ముఖ్యమైన వరుసలు ఇవి:

```
image: college_map.pgm
resolution: 0.05
origin: [-3.2, -4.7, 0]
```

మొదటి వరుస బొమ్మ పేరు. రెండోది ఒక గడి ఎన్ని మీటర్లో చెబుతుంది. మూడోది బొమ్మ ఎడమవైపు కింది మూల మ్యాప్ లెక్కలో ఎక్కడుందో చెబుతుంది. బొమ్మను దిద్దేటప్పుడు అంచులు కత్తిరిస్తే ఈ మూడో వరుస తప్పైపోతుంది. రోబో గోడలన్నీ పక్కకు జరిగినట్టు ప్రవర్తిస్తుంది.

ఇక సొంతంగా నడక

మ్యాప్ చేతికొచ్చాక స్లామ్‌ను ఆపేస్తారు. ఇప్పుడు రోబో చేయాల్సింది ఉన్న మ్యాప్‌లో తన చోటు కనుక్కోవడం. ఇందుకు వాడే పద్ధతిలో కొన్ని వందల నుంచి కొన్ని వేల ఊహలను మ్యాప్ మీద చల్లుతారు. ఒక్కో ఊహ ‘నేను ఇక్కడ, ఇటు తిరిగి ఉన్నానేమో’ అనే ఒక అంచనా. స్కాన్‌తో పొసగని ఊహలు రాలిపోతాయి, పొసిగేవి నిలుస్తాయి. నాలుగడుగులు వేసేసరికి నిలిచినవన్నీ ఒకచోట గుంపుగా చేరతాయి. మన భవనంలో మాత్రం ఎదురెదురు కారిడార్లు అచ్చు గుద్దినట్టు ఉంటాయి. బయలుదేరే చోటు మనం చెప్పకపోతే గుంపు తప్పు కారిడార్‌లో చేరవచ్చు. అందుకే ఛార్జింగ్ పెట్టే చోటును బయలుదేరే చోటుగా ఖాయం చేస్తారు.

దారి వెతకడానికి ప్రతి గోడ చుట్టూ రోబో సగం వెడల్పు మేర నిషిద్ధ ప్రాంతం గీస్తారు. దానికి అవతల ఖరీదు క్రమంగా తగ్గే అంచు ఉంటుంది. అందువల్ల రోబో గోడను రాసుకుపోకుండా వీలైనంత మధ్యగా నడుస్తుంది. ల్యాబ్ తలుపు 80 సెంటీమీటర్లు, రోబో వెడల్పు 40 అనుకుందాం. రెండు పక్కలా 20 సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. ముడి సరిగా పడక తలుపు అంచులు మ్యాప్‌లో చెరో 20 సెంటీమీటర్లు లోపలికి ఉబ్బితే మిగిలేది 40 మాత్రమే. దారి లేదని రోబో తలుపు ముందే నిలబడిపోతుంది. చాలామంది అప్పుడు నడిపే ప్రోగ్రామ్ సెట్టింగులు మారుస్తూ కూర్చుంటారు. జబ్బు మ్యాప్‌లో ఉంటుంది.

మ్యాప్‌లో లేని కుర్చీ ఎదురైతే ఇబ్బంది లేదు. నడుస్తున్నప్పుడు వచ్చే స్కాన్‌తో దాన్ని తాత్కాలికంగా గుర్తించి పక్కనుంచి పోతుంది. లేజర్‌కే కనిపించనివి వేరే సంగతి. అద్దం తలుపులోంచి కిరణం దూరిపోతుంది. బల్ల కాళ్లు కనిపిస్తాయి గానీ పైపలక కనిపించదు. కిందికి దిగే మెట్లయితే ఖాళీ నేలలాగే ఉంటాయి. జర్మనీలోని బాన్ నగరంలో 1997లో రైనో అనే రోబో మ్యూజియం సందర్శకులకు దారి చూపిస్తూ ఆరు రోజుల్లో 18 కిలోమీటర్లకు పైగా తిరిగింది. అక్కడి గాజు పెట్టెల్లాంటివి దాని సెన్సర్లకు ఆనేవి కావు. వాటిని మ్యాప్‌లో ముందే గుర్తించి, ఆ చోట్లకు పోనివ్వకుండా చూసుకున్నారు. ఇప్పటికీ అదే మందు. అద్దాల వెంట, మెట్ల ముందు ప్రవేశం లేని గళ్లు మనిషే గీయాలి. మెట్ల దగ్గర నేలను చూసే సెన్సర్ కూడా అదనంగా పెట్టాలి.

బల్లలు నాలుగు జరిగాయని మ్యాప్ మళ్లీ గీయనక్కర్లేదు. గోడలు, స్తంభాలు సరిపోతున్నంతవరకు రోబో తన చోటు పోల్చుకోగలదు. మ్యాప్ పనికొస్తుందో లేదో తేల్చే పరీక్ష ఒకటే. రోబోను కారిడార్ అంతా తిప్పుతూ, అప్పుడప్పుడే వస్తున్న స్కాన్ చుక్కలను మ్యాప్ గీతల మీద వేసి తెర మీద చూడాలి. అన్నిచోట్లా చుక్కలు గీతల మీదే కూర్చుంటే ఫైళ్లు అప్పగించవచ్చు. ఎక్కడైనా ఒక గడి రెండు గళ్లు కాకుండా మూరెడు దూరం జరిగి కనిపిస్తే, ఆ పక్కకే రిమోట్‌తో మళ్లీ వెళ్లాలి.