మొదటి వాయిదాలో ఆ 23 రోజులు

ఆగస్టు 5 పొద్దున్నే మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. "అన్నా, ఈఎంఐ 16,607 అన్నారు. ఖాతాలోంచి 20,388 లాగేశారు. మోసపోయానా?" అంటున్నప్పుడు గొంతులో కంగారు తెలుస్తోంది. అప్పు కాగితాలన్నీ ఫొటోలు తీసి పంపమన్నాను.

అప్పు 5 లక్షలు, వడ్డీ 12 శాతం, గడువు 36 నెలలు. డబ్బు ఖాతాలో పడింది జూన్ 12న. వాయిదా తేదీ ప్రతి నెలా 5. చిక్కంతా ఈ రెండు తేదీల మధ్యే ఉంది.

ఈఎంఐ లెక్కకు ఒక షరతు ఉంది. అప్పు చేతికి వచ్చిన రోజుకీ మొదటి వాయిదాకీ మధ్య సరిగ్గా ఒక నెల ఉండాలి. 16,607 అనేది ఆ షరతు మీద వచ్చిన అంకె. జూలై 5కి నెల నిండదు కాబట్టి మొదటి వాయిదాను ఆగస్టు 5కి పెట్టారు. జూలై 5 నుంచి ఆగస్టు 5 వరకు నెల సరిపోయింది. జూన్ 12 నుంచి జూలై 5 దాకా 23 రోజులు మిగిలిపోయాయి. ఆ రోజుల్లోనూ 5 లక్షలు మావాడి దగ్గరే ఉన్నాయి, వడ్డీ నడుస్తూనే ఉంది. బ్యాంకుల్లో దీన్నే బ్రోకెన్ పీరియడ్ ఇంట్రెస్ట్ అంటారు.

ఏడాదికి వడ్డీ 60,000. దాన్ని 365తో భాగిస్తే రోజుకు 164 రూపాయల 38 పైసలు. 23 రోజులకు 3,781. దాన్ని 16,607కి కలిపితే 20,388. సరిపోయింది. కొందరు ఈ మొత్తాన్ని అప్పు ఇచ్చేటప్పుడే మినహాయించుకుంటారు, అప్పుడు చేతికి వచ్చేది తగ్గుతుంది. మావాడికి మాత్రం మొదటి వాయిదాలో కలిపారు. ఆ సంగతి నోటిమాటగానైనా ముందే చెప్పి ఉండాల్సింది. ఖాతాలో సరిగ్గా 16,607 మాత్రమే ఉంచుకున్నవాడికి ఆ రోజు వాయిదా బౌన్స్ అవుతుంది, దాని చార్జీ వేరే పడుతుంది.

ఈ 3,781 వల్ల అసలు ఒక్క రూపాయి కూడా తగ్గదు. మామూలు వాయిదాలో 5,000 వడ్డీకి పోగా 11,607 అసలుకు చేరింది. బాకీ 4,88,393 అని చూపిస్తే లెక్క సరిగ్గా ఉన్నట్టే.

తప్పు జరిగే చోటు వేరే ఉంది. మంజూరు పత్రం మీద జూన్ 9 అని ఉంది. అక్కడి నుంచి లెక్కపెడితే 26 రోజులు, 4,274 రూపాయలు. అంటే డబ్బు ఇవ్వని మూడు రోజులకు 493 అదనం. ఇలాంటి వసూళ్లు తనిఖీల్లో కనబడటంతో, అప్పు నిజంగా ఇచ్చిన తేదీకి ముందు వడ్డీ వేయడం తగదని, తీసుకున్నది తిరిగి ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2024 ఏప్రిల్‌లో చెప్పింది. అందుకే పాస్‌బుక్‌లో డబ్బు పడిన తేదీ చూసి వేళ్ల మీద రోజులు లెక్కపెట్టమన్నాను. మావాడు రెండుసార్లు లెక్కపెట్టాడు. రెండుసార్లూ 23 వచ్చాయి.