ఒక్కో మెసేజ్‌కి ఒక్క గుర్తు

ఊరి కూడలిలో దారి తెలియక ఆగిపోయిన బంధువుకు పంపే వాయిస్ మెసేజ్‌లో ఒక్క గుర్తే ఉండాలి. ప్రయాణంతో అలసిన మనిషికి నాలుగు మలుపులు ఒకేసారి చెబితే చివరివి గుర్తుండవు.

ముందు ఆయన ఎటు తిరిగి నిలబడ్డారో తేల్చుకోవాలి. కుడి, ఎడమలు దాన్నిబట్టే మారతాయి. "బాబాయ్, రావిచెట్టుకు వీపు పెట్టి నిలబడండి. ఎదురుగా వాటర్ ట్యాంకు కనిపిస్తుందా?" అనేది మొదటి మెసేజ్. అవునన్నాకే రెండోది: "ట్యాంకు దాకా నడిచి ఆగండి." అక్కడికి చేరాక మూడోది: "ఎడమచేతి సందులోకి తిరిగి రామాలయం దగ్గర ఆగండి. చెరువుగట్టు వచ్చిందంటే గుడి దాటిపోయినట్టే, వెనక్కి రండి." ఈ చివరి మాట వల్ల తప్పు దారిలో ఉన్నదీ లేనిదీ ఆయనకే తెలుస్తుంది.

గుర్తులు కదలనివై ఉండాలి. ఆగి ఉన్న ట్రాక్టరు, తోపుడుబండి పనికిరావు. చీకటి పడితే గోడల రంగులు తెలియవు కాబట్టి వెలుగుతున్న వీధిదీపాన్ని చెప్పాలి. సిగ్నల్ సరిగా లేనిచోట మెసేజ్ ఆలస్యంగా చేరుతుంది. అందుకే జవాబు రాకముందే తర్వాతిది పంపకూడదు. గుర్తు కనిపించలేదని ఆయన రెండుసార్లు చెబితే, ఉన్నచోటే కూర్చోమని చెప్పి ఇంట్లోవాళ్లు ఎదురెళ్లడమే మేలు.