ఫోన్ ఎందుకు తగ్గింది?

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ జిల్లాల్లో భర్త గల్ఫ్‌లో ఉన్న ఇల్లాలికి రోజంతా ధ్యాస రాత్రి వచ్చే ఫోన్ మీదే. అరగంట మాట్లాడే మనిషి ఐదు నిమిషాలకే ‘సరే, పెట్టేస్తున్నా’ అంటాడు. రోజూ చేసేవాడు వారానికి రెండుసార్లతో సరిపెడతాడు. వెంటనే అనుమానం ఒక్కవైపే పోతుంది: అక్కడ ఇంకెవరైనా ఉన్నారేమో! భయం సహజమే. కానీ అంతకంటే ముందు చూడాల్సినవి వేరే ఉన్నాయి.

మొదట ఏ నెలలో తగ్గిందో చూడాలి. భర్త దుబాయ్‌లో కట్టడాల పనిలో ఉన్నాడనుకుందాం. అక్కడ జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించకూడదు. అందుకని చాలాచోట్ల తెల్లవారకముందే పని మొదలవుతుంది. నాలుగింటికి బస్సెక్కేవాడు రాత్రి ఎనిమిదిన్నరకే పడుకోవాలి. అప్పటికి మనకు పది. ఇక్కడ పిల్లల్ని నిద్రపుచ్చి ఆమె ఫోన్ పట్టుకునే వేళకు అక్కడ క్యాంపు గదిలో లైటు ఆరిపోతుంది. పక్క మంచాల వాళ్లు పడుకుని ఉంటే మనసులో మాట ఎలా చెప్తాడు? పైగా అక్కడ మామూలు వాట్సాప్ కాల్ పనిచేయదు, అనుమతి ఉన్న బోటిమ్ లాంటి యాప్‌లు వాడాలి. కారణం ఇదే అయితే సెప్టెంబర్ తర్వాత మాటలు మళ్లీ పెరగాలి.

పెరగలేదనుకోండి, అప్పుడు డబ్బు సంగతి చూడాలి. నెలనెలా వచ్చేది ఆలస్యమై, తర్వాత సగమై, అదే సమయంలో ఫోన్ కూడా తగ్గితే జీతం ఆగిందనో, ఒంట్లో బాగాలేదనో ముందు అనుకోవాలి. వీసాకు చేసిన అప్పు తీరకుండానే జీతం ఆగితే, ‘ఎప్పుడు పంపుతావు’ అనే ప్రశ్నకు భయపడి మగవాడు ఫోన్ ఎత్తడు. వీడియో వద్దంటాడు. ఈ మౌనాన్ని మనసు దూరమవడం అనుకుని పోట్లాడితే అతను ఇంకా ముడుచుకుపోతాడు.

మనసు దూరమైతే కనిపించే తీరు వేరు. డబ్బు తేదీకి వస్తుంది, కాని పిల్లాడి జ్వరం తగ్గిందా అని అడగడు. తన రోజు గురించి ఒక్క ముక్క చెప్పడు. ఆన్‌లైన్‌లో ఉంటాడు, మళ్లీ ఎప్పుడు చేస్తాడో మాత్రం చెప్పడు. సెలవు రోజున కూడా అంతే. ఇది ఒక వారం కాక నెలల తరబడి సాగితే పని ఒత్తిడి అని సర్దుకోవడం నాకు సరికాదనిపిస్తుంది.

అతని సెలవు రోజున, గది బయట ఉన్నప్పుడు, తీరిగ్గా అడగండి: ‘జీతం వస్తోందా? ఒంట్లో బాగుందా? నామీద ఏమన్నా కోపం ఉందా?’ ఇదే వరుసలో అడగండి. జీతం ఆగిందని తేలితే విదేశాంగ శాఖ ‘మదద్’ పోర్టల్‌లో ఇక్కడి నుంచే మీరు ఫిర్యాదు చేయవచ్చు.