మిగిలిన ఆ రెండు ఎలక్ట్రాన్లు

ఇంటర్ జవాబు పత్రాలు దిద్దేటప్పుడు రసాయన బంధం పాఠంలో ఒక జవాబు నాకు పదే పదే ఎదురవుతుంది. "SF₄లో సల్ఫర్ చుట్టూ నాలుగు ఫ్లోరిన్లు ఉన్నాయి. కాబట్టి sp³ సంకరీకరణం, చతుర్ముఖీయ ఆకృతి, బంధ కోణం 109.5 డిగ్రీలు." చేతిరాత ముత్యాల్లా ఉంటుంది, బొమ్మ కూడా శుభ్రంగా వేసి ఉంటుంది. కానీ పిల్లవాడు బంధాలు లెక్కపెట్టి అక్కడే ఆగిపోయాడు. సల్ఫర్ దగ్గర ఇంకేమైనా మిగిలిందేమో చూడలేదు.

మిగిలింది చూడటానికి కూడికలు, తీసివేతలు వస్తే చాలు. సల్ఫర్ బయటి కర్పరంలో 6 ఎలక్ట్రాన్లు, ఒక్కో ఫ్లోరిన్‌కి 7 చొప్పున నాలుగింటికి 28, మొత్తం 34. నాలుగు బంధాలకు 8 పోతాయి. ప్రతి ఫ్లోరిన్ తన దగ్గర మూడు జంటలు ఉంచుకుంటుంది కాబట్టి మరో 24 పోతాయి. 34లో 32 ఖర్చయ్యాయి, రెండు మిగిలాయి. ఆ రెండూ సల్ఫర్ మీద ఒంటరి జంటగా కూర్చుంటాయి. ఇదే లెక్క CF₄కి వేస్తే కార్బన్‌వి 4, ఫ్లోరిన్లవి 28 కలిపి 32 వస్తాయి, ఏమీ మిగలదు. అక్కడ 109.5 డిగ్రీలు సరైన జవాబే. రెండు అణువుల్లోనూ నాలుగే ఫ్లోరిన్లున్నా, తేడా అంతా ఆ రెండు ఎలక్ట్రాన్లది.

ఇప్పుడు సల్ఫర్ చుట్టూ ఐదు జంటలు. అవి త్రికోణ ద్విపిరమిడ్ రూపంలో సర్దుకుంటాయి: పైన ఒకటి, కింద ఒకటి, నడుమ త్రికోణంలా మూడు. ఒంటరి జంట ఎక్కడ ఉంటుంది? పైనో కిందో ఉంటే మూడు బంధ జంటలు దానికి 90 డిగ్రీల దగ్గరలో పడతాయి. నడుమ ఉంటే అంత దగ్గరగా ఉండేవి రెండే. వికర్షణ తక్కువ కనుక నడుమే చేరుతుంది. ఫలితంగా అణువు పార్కులో పిల్లలు చెరో వైపు కూర్చుని ఊగే సీ-సా బల్లలా ఉంటుంది. ఒంటరి జంట నెట్టడం వల్ల నడుమ ఉన్న రెండు ఫ్లోరిన్ల మధ్య కోణం 120 నుంచి సుమారు 102 డిగ్రీలకు తగ్గుతుంది. పైన, కింద ఉన్న వాటి మధ్య 180 ఉండాల్సింది దాదాపు 173 అవుతుంది. అంటే SF₄కి బంధ కోణం ఒక్కటే రాసిన జవాబును అక్కడే అనుమానించవచ్చు.

అయాన్ల దగ్గర తప్పు ఇంకోలా వస్తుంది, ఆవేశాన్ని మర్చిపోతారు. I₃⁻కి మూడు అయోడిన్లవి 21 అని రాసి ముందుకెళ్తారు. బంధాలకు 4, చివరి రెండు అయోడిన్లకు 12 తీసేస్తే 5 మిగులుతాయి. బేసి సంఖ్య వచ్చిందంటే లెక్క మళ్ళీ చూడాలి. NO₂ లాంటి కొన్ని అణువుల్లో నిజంగానే జత లేని ఎలక్ట్రాన్ ఉంటుంది కానీ, చాలాసార్లు బేసి సంఖ్య చెప్పేది ఆవేశం మర్చిపోయారనే. రుణావేశానికి ఒకటి కలిపితే 6 మిగులుతాయి. నడుమ అయోడిన్ మీద మూడు ఒంటరి జంటలు, ఆకృతి సరళ రేఖ.

జంటలు సరిగ్గా లెక్కించినవాళ్ళు కూడా కోణం దగ్గర తడబడతారు. మీథేన్‌కి 109.5, అమ్మోనియాకి 107, నీటికి 104.5. ఈ మూడూ చూసి, ఒక్కో ఒంటరి జంటకు రెండున్నర డిగ్రీలు తగ్గించే చిట్కా ఒకటి పిల్లల్లో పాకిపోయింది. నాకు దీని మీద గట్టి అభ్యంతరం ఉంది. ఆ చిట్కా ప్రకారం H₂Sకి 104.5 రావాలి, కొలిస్తే 92 వస్తుంది. PH₃కి 107 రావాలి, కొలిస్తే 93.5. NF₃ని అమ్మోనియా పక్కన పెట్టినా అంతే, ఒంటరి జంట ఒకటే అయినా కోణం 102. ఫ్లోరిన్ బంధ ఎలక్ట్రాన్లను తనవైపు లాక్కోవడంతో నైట్రోజన్ దగ్గర వాటి మధ్య వికర్షణ తగ్గి, బంధాలు దగ్గరకు జరుగుతాయి.

H₂Sలో సల్ఫర్ చుట్టూ జంటలు నాలుగే కాబట్టి sp³ అని రాసేస్తాం. కానీ కోణం 92 డిగ్రీలంటే బంధాలు దాదాపు శుద్ధ p ఆర్బిటాళ్ళతో ఏర్పడ్డాయని అర్థం. నిజమైన sp³లో నాలుగో వంతు ఉండాల్సిన s వాటా, ఈ కోణం నుంచి లెక్కగడితే నూటికి నాలుగైనా రాదు. జంటల లెక్క ఆకృతిని బాగా చెబుతుంది, కోణం పెరుగుతుందో తగ్గుతుందో చాలా వరకు చెబుతుంది. ఎన్ని డిగ్రీలో చెప్పే శక్తి దానికి లేదు.

అందుకే దిద్దే మాస్టార్లకూ, రాసే పిల్లలకూ ఒక మనవి. ముందు మిగిలిన ఎలక్ట్రాన్ల లెక్కను జవాబులోనే రాయండి. కోణం కొలిచిన విలువగా తెలిస్తే అంకె వేయండి, తెలియకపోతే "109.5 కన్నా తక్కువ" అని రాసి ఆపండి.