వేలికి తెలిసింది, చెవికి అందలేదు

బీపీ చూసే మీటర్ మీద 145 అనే గీత ఉండదు. రెండేసి మిల్లీమీటర్లకు ఒక గీత చొప్పున ఉంటాయి కాబట్టి 144 అనో 146 అనో చదవాలి. బీఎస్సీ నర్సింగ్ మొదటి సెమిస్టర్ చదువుతున్న ఒకమ్మాయి స్కిల్ పరీక్షలో ఒక పెద్దాయన బీపీ చూసి 145/90 అని రాసింది. కాగితం చూడగానే ఎగ్జామినర్ మేడమ్‌కు ఆ అంకె చదివింది కాదు, ఉజ్జాయింపుగా వేసిందని తెలిసిపోయింది. అసలు తప్పు మాత్రం అంతకంటే పెద్దది. ఆయన పై బీపీ నిజానికి 178.

ఆ అమ్మాయి నా దగ్గర చదువుకుంటోంది. చేతకానిది కాదు. అందుకే ఆమె ఎక్కడ జారిందో అందరికీ అర్థమయ్యేలా చెప్పాలనిపించింది. మన ఇళ్లలో పెద్దవాళ్లకు రోజూ ఎవరో ఒకరు చూస్తున్న బీపీ ఇది.

నర్సింగ్ కాలేజీల్లో ఇప్పుడు ప్రాక్టికల్ పరీక్ష ఓస్కీ పద్ధతిలో జరుగుతోంది. 1975లో స్కాట్లాండ్‌లోని డండీలో రోనాల్డ్ హార్డెన్ బృందం వైద్య విద్యార్థుల కోసం రూపొందించిన విధానమిది. గదిలో ఒక్కో బల్ల దగ్గర ఒక్కో పని ఉంటుంది. ఎగ్జామినర్ చేతిలో చెక్‌లిస్ట్ ఉంటుంది. జవాబు సరిపోతే చాలదు, ఆ జవాబు దాకా వచ్చిన దారినీ చూస్తారు. బీపీ బల్ల దగ్గర రెండు జతల చెవి గొట్టాలున్న స్టెతస్కోప్ పెడతారు. విద్యార్థి ఏం వింటున్నాడో ఎగ్జామినర్‌ కూడా అదే వింటారు.

ఆ రోజు అమ్మాయి కఫ్ బాగానే చుట్టింది. చేయి గుండె ఎత్తులో ఉంచింది, "కాలు మీద కాలు తీసేయండి తాతగారూ" అని గుర్తుగా చెప్పింది కూడా. మోచేతి మడతలో స్టెత్ పెట్టి, బల్బు నొక్కి 160 దాకా గాలి ఎక్కించింది. ఏ శబ్దమూ లేదు. గాలి వదులుతూ వచ్చింది. 146 దగ్గర మొదటి టకటక వినబడింది, 90 దాటి కాస్త పైన ఆగిపోయింది. అంతే, రాసేసింది.

160 దగ్గర నిశ్శబ్దంగా ఉంది కదా, ఇంక ఎక్కించడమెందుకు అనుకుంది. ఇక్కడే చిక్కు. కఫ్ బిగిస్తే చేతి రక్తనాళం మూసుకుపోతుంది, శబ్దం ఉండదు. గాలి తగ్గిస్తుంటే రక్తం నాళంలోంచి దూసుకొచ్చినప్పుడు మొదటి శబ్దం వస్తుంది. అది పై బీపీ. నాళం పూర్తిగా తెరుచుకుని శబ్దం ఆగిపోయే చోటు కింది బీపీ. మామూలుగా ఇంతే. కానీ కొందరిలో, ముఖ్యంగా బీపీ ఎక్కువగా ఉండి నాళాలు గట్టిపడిన పెద్దవాళ్లలో, శబ్దం ఒకసారి మొదలై, మధ్యలో మాయమై, మళ్లీ కింద వినిపిస్తుంది. మా తాతగారికి 178 దగ్గర మొదలై, 164 దగ్గర ఆగి, 146 దగ్గర మళ్లీ వచ్చింది. అమ్మాయి గాలి ఆపిన 160 సరిగ్గా ఆ ఖాళీలో పడింది. నాళం మూసుకోలేదు, రక్తం వస్తూనే ఉంది, చెవికి మాత్రం అందడం లేదు.

అదే సమయంలో ఆయన మణికట్టు మీద వేళ్లు పెట్టి ఉంటే నాడి కొట్టుకుంటూనే ఉండేది. మడత దగ్గర శబ్దం లేకపోయినా నాడి ఆగదు. అందుకే ముందు వేలితో చూడమంటాం. బొటనవేలి వైపు నాడి పట్టుకుని గాలి ఎక్కిస్తూ, అది ఎక్కడ ఆగిందో గుర్తుపెట్టుకోవాలి. గాలంతా వదిలేసి, కాసేపు ఆగి, ఈసారి స్టెత్‌తో దానికి 30 పైకి ఎక్కించాలి. తాతగారి నాడి 176 దగ్గర ఆగుతుంది కాబట్టి 206 దాకా వెళ్లాలి. ఈ వేలి పద్ధతి స్టెత్ పద్ధతి కంటే పాతది. 1896లో ఇటలీ వైద్యుడు రివా రొచ్చి కఫ్ తయారుచేసినప్పుడు నాడి ఆగే చోటునే చూసేవాడు. పై అంకె ఒక్కటే తెలిసేది. 1905లో రష్యా సర్జన్ కొరొట్కోవ్ స్టెత్ పెట్టి వినడం చెప్పాక కింది అంకె కూడా దొరికింది. చెవి వచ్చినంత మాత్రాన వేలి పని తీరిపోలేదు.

ఫెయిల్ అని చెప్పాక మేడమ్ ఆ అమ్మాయిని వెంటనే పంపించలేదు. పరీక్షలన్నీ అయ్యాక కూర్చోబెట్టి, "నువ్వు ఏం చేశావో మొదటినుంచీ చెప్పమ్మా" అంది. "160 దాకా ఎక్కించాను మేడమ్." "160 ఎందుకు?" అమ్మాయి దగ్గర జవాబు లేదు. కాసేపాగి, "హాస్టల్లో అందరికీ 160 సరిపోయేది మేడమ్" అంది.

నా దృష్టిలో ఆ రోజు తేలిన అసలు విషయం ఇదే. ఆమె సాధన చేసినవన్నీ పద్దెనిమిది, ఇరవై ఏళ్ల చేతులు. అందరికీ 110, 120. ఎలా చూసినా సరైన అంకే వచ్చేది కాబట్టి, వేలు పెట్టే మెట్టు వదిలేసినా ఎవరికీ తెలియలేదు. నేర్పే మేమూ ముందే ఓపీకి తీసుకెళ్లి పెద్దవాళ్ల చేతుల మీద చేయించాల్సింది.

తాతగారు ఒప్పుకుంటే మేడమ్ మళ్లీ ఆయన దగ్గరకే తీసుకెళ్లింది. ఇద్దరూ ఒకే స్టెత్ పెట్టుకున్నారు. మేడమ్ 206 దాకా ఎక్కించి నిదానంగా వదిలింది. 178 దగ్గర శబ్దం, 164 దగ్గర ఆగింది. "ఇప్పుడు నాడి చూడు" అంది మేడమ్. అమ్మాయి వేళ్ల కింద నాడి కొడుతోంది, చెవిలో ఏమీ లేదు. తర్వాత తాతగారిని బీపీ చీటీతో డాక్టర్ గదికి పంపారు. 145 చూసి మందు సరిపోతోందనుకోవడం వేరు, 178 చూసి మందు మార్చడం వేరు.

రెండో లోపం గాలి వదిలే వేగం. సెకనుకు రెండు మిల్లీమీటర్లు మాత్రమే తగ్గాలి. నాడి నిమిషానికి 60 ఉన్న మనిషికి సెకనుకు ఐదు చొప్పున వదిలితే, ఒక కొట్టుకు మరో కొట్టుకు మధ్య ఐదు మిల్లీమీటర్లు దాటిపోతాయి. మొదటి శబ్దం ఎక్కడ పడిందో పట్టుకోలేం. 145 లాంటి అంకెలు అక్కడే పుడతాయి. ఆమె హాస్టల్లో కఫ్‌ను నీళ్ల బాటిల్‌కు చుట్టి, 200 నుంచి 100 దాకా దిగడానికి 50 సెకన్లు పట్టేలా గడియారం చూస్తూ వాల్వు తిప్పడం అలవాటు చేసుకుంది. తర్వాత ఓపీలో పెద్దవాళ్లకు చూసింది. రెండు చెవుల జతల స్టెత్‌తో ఆమె, స్నేహితురాలు ఇద్దరూ విని, ఎవరి అంకె వాళ్లు దాచి రాసుకుని తర్వాత పోల్చుకునేవారు. అంకెలు నాలుగు మించి తేడా వస్తే మళ్లీ చూసేవారు.

(ఇంట్లో వాడే డిజిటల్ మెషిన్ శబ్దం వినదు, కఫ్‌లోని గాలి కదలికల్ని కొలుస్తుంది. కాబట్టి ఈ ఖాళీ దాన్ని మోసం చేయదు. నాడి తడబడేవాళ్లలో మాత్రం దాని అంకె నమ్మకంగా ఉండదు, అప్పుడు మళ్లీ చేతితోనే చూడాలి.)

రెండో విడత పరీక్షలో ఆమెకు వేరే మనిషి వచ్చింది, నడివయసు ఆవిడ. నాడి 124 దగ్గర ఆగింది. గాలంతా వదిలి, నిమిషం ఆగి, 154 దాకా ఎక్కించింది. ఖాళీ ఏమీ లేదు, 126 దగ్గర మొదటి శబ్దం. అయితే కింది అంకె దగ్గర బయట వరండాలో ఏదో చప్పుడైంది, శబ్దం ఎక్కడ ఆగిందో ఆమెకు అందలేదు. చాలామంది ఇలాంటప్పుడు మధ్యలోనే మళ్లీ గాలి ఎక్కిస్తారు. అలా చేస్తే చేతిలో రక్తం నిలిచి అంకె తప్పుతుంది. ఆమె గాలంతా వదిలేసింది. "సరిగా వినబడలేదమ్మా, ఒక్క నిమిషం ఆగి మళ్లీ చూస్తాను, ఏమనుకోకండి" అని ఆవిడకు చెప్పింది. ఎగ్జామినర్ గడియారం చూసుకుంటున్నా తొందరపడలేదు. నిమిషం తర్వాత మళ్లీ చూసి 126/78 అని రాసింది, పక్కన కుడి చేయి, కూర్చుని, రెండోసారి చూసినది అని కూడా రాసింది. మేడమ్ దగ్గర ముందే ఉన్న అంకె 126/80. చెక్‌లిస్ట్‌లో "మళ్లీ చూసే ముందు ఆగింది" అన్న చోట మేడమ్ టిక్కు పెట్టి, పాస్ అని రాసింది.