చానెల్ పుట్టినరోజు కాదు... మీదే!

ఉద్యోగాలకు అప్లై చేసే జీమెయిల్‌తోనే యూట్యూబ్ చానెల్ కూడా నడుపుతున్నారా? అయితే ఖాతాలో పుట్టిన తేదీ ఒకసారి చూసుకోండి. మన దేశంలో సొంతంగా గూగుల్ ఖాతా నడపాలంటే 13 ఏళ్లు నిండాలి. కొందరు సరదాగా చానెల్ పెట్టిన ఏడాదినే పుట్టిన సంవత్సరంగా మార్చేస్తారు. 2004 ఉన్నచోట 2020 పడిందనుకోండి, గూగుల్ లెక్కలో మీరు పసిపిల్లలే! సరిచేసుకోవడానికి 14 రోజులు ఇస్తుంది. ఆ గడువు దాటితే ఖాతా ఆగిపోతుంది. అంటే చానెల్‌తో పాటు కాల్ లెటర్ వచ్చే ఇన్‌బాక్స్ కూడా పోయినట్టే.

వయసు నిరూపించడానికి ప్రభుత్వ గుర్తింపు కార్డు ఫొటో గానీ, క్రెడిట్ కార్డు గానీ కావాలి. కొన్ని పాత ఆధార్ కార్డుల మీద పుట్టిన సంవత్సరం ఒక్కటే ఉంటుంది. పూర్తి తేదీ ఉన్న కార్డునే, అక్షరాలు మసకబారకుండా ఫొటో తీసి పంపండి.

తొమ్మిదో తరగతి తమ్ముడు ‘అన్నా, నీ మెయిల్‌తో లాగిన్ చేసివ్వవా’ అని అడిగితే ఇవ్వకండి. వాడికి 14 ఏళ్లుంటే సొంత తేదీతోనే ఖాతా తెరవొచ్చు. అమ్మ ఫోన్‌లో యూట్యూబ్ సెట్టింగ్స్‌లోని Family Center నుంచి వాడికి ఆహ్వానం పంపించండి. వాడు ఒప్పుకుంటే ఎన్ని వీడియోలు పెట్టాడో, ఎన్ని కామెంట్లు రాశాడో అమ్మకు తెలుస్తుంది. వీడియో పెడితే మెయిల్ వస్తుంది. అయితే ఈ లింకును ఇద్దరిలో ఎవరైనా, ఎప్పుడైనా తెంచేసుకోవచ్చు. కాబట్టి ముందు వాడితో మాట్లాడి ఒప్పించాలి. ఒంటరిగా లైవ్ పెట్టడానికి మాత్రం 16 నిండాల్సిందే. తమ్ముడికి ఇంకా 12 ఏళ్లేనా? అప్పుడు అమ్మే Family Link యాప్‌లో ఖాతా తెరిచివ్వాలి.